మాఫీ అయ్యాక కూడా మిగిలే మూడు రూపాయల అరవై పైసలు

పెట్రోల్ బంకులో రెండు వేలకు పెట్రోలు కొట్టించి క్రెడిట్ కార్డు గీకారు. కార్డు తీసుకునేటప్పుడు బ్యాంకు మనిషి చెప్పిన మాట మీకు గుర్తుంది: ఇంధనం మీద పడే ఒక శాతం సర్‌చార్జీ మాఫీ. నెలాఖరుకు స్టేట్‌మెంట్ వచ్చింది. అందులో పెట్రోలుకు 2,000 రూపాయలు, సర్‌చార్జీ 20 రూపాయలు, దాని కింద పన్ను 3 రూపాయల 60 పైసలు ఉన్నాయి. ఇంకో నాలుగు వరుసల కింద సర్‌చార్జీ మాఫీ పేరుతో 20 రూపాయలు వెనక్కి వచ్చాయి. కానీ ఆ మూడు రూపాయల అరవై పైసలు మాత్రం రాలేదు.

మాఫీ అన్నాక ఇదేమిటని చాలామంది కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తారు. అవతలి వాళ్లు నియమాల ప్రకారమే ఉందని చెప్పి పెట్టేస్తారు. ఫోన్ చేసినవాళ్లకు బ్యాంకు మోసం చేసిందన్న అనుమానం అలాగే ఉండిపోతుంది. కొందరైతే మర్నాడు బంకుకు వెళ్లి, పైప్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడిని నిలదీస్తారు. ఆ కుర్రాడికి గానీ అతని యజమానికి గానీ ఈ డబ్బుతో ఏ సంబంధమూ లేదు. సర్‌చార్జీలో ఒక్క పైసా కూడా బంకు గల్లాపెట్టెలోకి వెళ్లదు.

అసలు సర్‌చార్జీ ఎందుకు పుట్టిందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. బట్టల షాపులో గానీ హోటల్లో గానీ మీరు కార్డు గీకినప్పుడు ఆ లావాదేవీకి కొంత ఖర్చవుతుంది. స్వైప్ మిషను పెట్టిన బ్యాంకు, కార్డు ఇచ్చిన బ్యాంకు, మధ్యలో ఉండే వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్ ఆ ఖర్చును దుకాణదారు దగ్గర కమీషన్‌గా తీసుకుంటాయి. దుకాణదారు తన సరుకు ధరలోనే దాన్ని సర్దుకుంటాడు. అందుకే మనకు ఆ ఖర్చు కంటికి కనిపించదు.

బంకు యజమానికి ఆ వెసులుబాటు లేదు. పెట్రోలు ధరను అతను నిర్ణయించడు. చమురు కంపెనీ ఏ రోజు ఎంత చెబితే ఆ రోజు అంతకే అమ్మాలి, పది పైసలు ఎక్కువ తీసుకున్నా తప్పే. అతనికి దక్కేది కంపెనీ ఇచ్చే డీలర్ కమీషన్. ఇప్పుడది పెట్రోలుకైతే లీటరుకు నాలుగు రూపాయల పైచిలుకు, డీజిలుకైతే మూడు రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. పనివాళ్ల జీతాలు, కరెంటు బిల్లు, ఆవిరయ్యే ఇంధనం అన్నీ అందులోంచే తీయాలి. లీటరు పెట్రోలు 107 రూపాయలు అనుకుందాం. కార్డు కమీషన్ ఒక శాతమైతే లీటరుకు రూపాయి ఏడు పైసలు. అంటే డీలరుకు వచ్చే దాంట్లో దాదాపు పావు వంతు కార్డు ఖర్చు కిందే పోతుంది. అంత భారం మోయలేమని డీలర్లు మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. మిగతా దుకాణాల్లో దుకాణదారు మీద పడే ఖర్చును ఇక్కడ కార్డు వాడిన మనిషి మీదకు మళ్లించారు. సర్‌చార్జీ అంటే అదే.

ఈ భారం ఎవరు మోయాలన్న గొడవ ఒకసారి బాహాటంగానే జరిగింది. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాక బంకుల్లో కార్డుల వాడకం ఒక్కసారిగా పెరిగింది. 2017 జనవరి మొదట్లో బ్యాంకులు డీలర్ల మీద కార్డు రుసుము వేస్తామన్నాయి. వేస్తే కార్డులే తీసుకోమని డీలర్ల సంఘం ప్రకటించింది. కేంద్రం కల్పించుకోవడంతో అప్పటికి అది ఆగింది. అంతకు కొన్ని వారాల ముందే, 2016 డిసెంబరులో, ప్రభుత్వ చమురు కంపెనీల బంకుల్లో నగదు కాకుండా వేరే పద్ధతిలో కట్టినవాళ్లకు 0.75 శాతం రాయితీ ఇవ్వడం మొదలైంది. క్రెడిట్ కార్డులకు ఆ రాయితీని 2019 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. ఒకప్పుడు కార్డుతో పెట్రోలు కొట్టిస్తే ఎదురు డబ్బులు వచ్చేవని గుర్తున్నవాళ్ల జ్ఞాపకం తప్పు కాదు. ఆ రోజులు అయిపోయాయంతే.

ఇక మాఫీ సంగతి. సర్‌చార్జీ పడకుండా బంకు దగ్గరే ఆపేయడాన్ని మాఫీ అనుకుంటాం గానీ, జరిగేది అది కాదు. ముందు సర్‌చార్జీ పడుతుంది, దాని మీద పన్ను పడుతుంది. ఆ తర్వాత మీకు కార్డు ఇచ్చిన బ్యాంకు, కార్డు సౌకర్యాల్లో భాగంగా, సర్‌చార్జీ మొత్తాన్ని మీ ఖాతాలో జమ చేస్తుంది. ఇవి రెండూ వేర్వేరు పద్దులు. మొదటిది ఒక రోజు పడితే, రెండోది అదే రోజు రావచ్చు, నాలుగు రోజులాగి రావచ్చు, కొన్ని బ్యాంకుల్లోనైతే తర్వాతి స్టేట్‌మెంట్‌లో రావచ్చు. మనకు తలనొప్పి తెచ్చే విషయాలన్నీ ఈ రెండు పద్దుల మధ్య ఖాళీలోనే ఉన్నాయి.

పన్నుతో మొదలుపెడదాం. పెట్రోలు, డీజిలు జీఎస్టీ పరిధిలోకి రావు. వాటి మీద కేంద్రం ఎక్సైజ్ సుంకం, రాష్ట్రాలు వ్యాట్ వేసుకుంటాయి. ఆ రెండూ లీటరు ధరలోనే కలిసి ఉంటాయి. మరి పెట్రోలు కొన్న పద్దు కింద జీఎస్టీ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ జీఎస్టీ పెట్రోలు మీద కాదు, సర్‌చార్జీ మీద. చట్టం దృష్టిలో సర్‌చార్జీ ఒక ఆర్థిక సేవకు తీసుకున్న రుసుము. కార్డు వార్షిక రుసుముకు, ఆలస్యంగా కట్టినందుకు వేసే రుసుముకు 18 శాతం ఎలా పడుతుందో దీనికీ అలాగే పడుతుంది. 2017 జులై 1కి ముందు దీని స్థానంలో సేవా పన్ను ఉండేది.

రెండు వేల పెట్రోలుకు ఒక శాతం సర్‌చార్జీ 20 రూపాయలు. ఇరవై మీద 18 శాతం అంటే 3 రూపాయల 60 పైసలు. బ్యాంకు మాఫీ చేస్తానన్నది తన రుసుమును. పన్ను తన సొమ్ము కాదని, ప్రభుత్వానికి కట్టాల్సిందని, కాబట్టి వెనక్కి ఇవ్వనని షరతుల్లో రాసుకుంటుంది. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే ఒక శాతం మాఫీకి, షరతుల్లో చిన్న అక్షరాలతో ఉండే ‘పన్నులు మినహా’ అన్న మాటకు మధ్య తేడాయే ఆ మూడు రూపాయల అరవై పైసలు. కొన్ని స్టేట్‌మెంట్లలో మాఫీ పద్దు పక్కనే EXCL TAX అని ఉంటుంది. పన్ను కలపలేదని దాని అర్థం.

నా అభిప్రాయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. పన్ను వెనక్కి ఇవ్వడానికి చట్టం అసలు దారే లేకుండా చేసిందనుకోవడం సరికాదు. వసూలు చేసిన రుసుము తర్వాత తగ్గితే, సేవ అందించినవాళ్లు క్రెడిట్ నోట్ ఇచ్చి ఆ మేరకు పన్ను సర్దుకునే వీలు జీఎస్టీ చట్టం 34వ సెక్షన్‌లో ఉంది. బ్యాంకులు ఇక్కడ ఆ పద్ధతి ఎంచుకోలేదు. రుసుము తగ్గించడంగా కాకుండా, వినియోగదారుకు విడిగా ఇచ్చే ప్రయోజనంగా మాఫీని నడుపుతున్నాయి. కోట్ల లావాదేవీల్లో ఒక్కోదానికి క్రెడిట్ నోట్ రాయడం కష్టమన్నది నిజమే కావచ్చు. కానీ అలాంటప్పుడు, వెయ్యి రూపాయల ఇంధనానికి రూపాయి ఎనభై పైసలు మీరే భరించాలని అదే ప్రకటనలో అదే సైజు అక్షరాలతో చెప్పాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే కస్టమర్ కేర్‌కి వెళ్లే ఫోన్లు సగం తగ్గుతాయని నా నమ్మకం.

పన్ను పద్దు కొందరికి IGST అని, కొందరికి CGST, SGST అని రెండు ముక్కలుగా కనిపిస్తుంది. అందులో కంగారు పడాల్సిందేమీ లేదు. బ్యాంకు జీఎస్టీ నమోదు ఉన్న రాష్ట్రం, మీ చిరునామా ఉన్న రాష్ట్రం ఒకటే అయితే తొమ్మిది, తొమ్మిది శాతాలుగా విడిపోతుంది. వేరు రాష్ట్రాలైతే ఐజీఎస్టీగా ఒకేసారి 18 శాతం పడుతుంది. కార్డు విభాగం చెన్నైలోనో ముంబయిలోనో నమోదై ఉండి మీరు గుంటూరులో ఉంటే రెండోదే చూస్తారు. డబ్బు మాత్రం ఒకటే.

ఇంతవరకూ చెప్పింది అంతా సవ్యంగా జరిగిన సందర్భం. స్టేట్‌మెంట్‌లో మిగిలేది ఎప్పుడూ పన్ను ఒక్కటే కాదు. మాఫీకి సాధారణంగా మూడు కంచెలుంటాయి. ఒక్కో లావాదేవీ ఇంతకు తగ్గకూడదన్నది ఒకటి, ఇంతకు మించకూడదన్నది రెండోది. చాలా కార్డుల్లో ఇవి 400 లేదా 500 రూపాయల నుంచి 4,000 లేదా 5,000 వరకు ఉంటాయి. మూడోది, ఒక బిల్లింగ్ సైకిల్‌లో మొత్తం మీద ఇచ్చే మాఫీకి గరిష్ఠ పరిమితి. మామూలు కార్డుల్లో ఇది 100 రూపాయలో 250 రూపాయలో ఉంటుంది, ఖరీదైన కార్డుల్లో ఇంకాస్త ఎక్కువ. మొదటి రెండూ చాలామందికి తెలుసు. జేబుకు చిల్లు పెట్టేది మాత్రం ఎక్కువగా ఆ మూడోదే.

ఒక నెల లెక్క వేసి చూద్దాం. ఒక ఇంట్లో ఒక కారు, ఒక స్కూటీ ఉన్నాయనుకోండి. కార్డు షరతులు ఇవి: సర్‌చార్జీ ఒక శాతం, 400 నుంచి 4,000 మధ్య లావాదేవీలకు మాఫీ, సైకిల్‌కు గరిష్ఠంగా 100 రూపాయలు. బిల్లింగ్ సైకిల్ 16వ తేదీ నుంచి తర్వాతి నెల 15 వరకు.

మొదట స్కూటీకి 300 రూపాయల పెట్రోలు. సర్‌చార్జీ 3 రూపాయలు, పన్ను 54 పైసలు. నాలుగొందలకు తక్కువ కాబట్టి మాఫీ లేదు, 3 రూపాయల 54 పైసలు మీద పడ్డాయి. తర్వాత కారుకు 2,000. సర్‌చార్జీ 20 వెనక్కి వచ్చింది, పన్ను 3.60 మిగిలింది. ఇంకోసారి 3,500. సర్‌చార్జీ 35 వెనక్కి వచ్చింది, పన్ను 6.30 మిగిలింది. ఊరికి వెళ్లే ముందు ట్యాంకు నిండా కొట్టించి, డబ్బాలో పోసే ఇంజిన్ ఆయిలు కూడా అక్కడే కొన్నారు, బిల్లు 4,500 అయింది. ఇది నాలుగు వేలు దాటింది. సర్‌చార్జీ 45, పన్ను 8.10, మొత్తం 53 రూపాయల 10 పైసలు అలాగే ఉండిపోయాయి. తిరుగు ప్రయాణంలో 3,000. సర్‌చార్జీ 30 వెనక్కి వచ్చింది, పన్ను 5.40 మిగిలింది. చివరగా 2,500 రూపాయలకు సర్‌చార్జీ 25. కానీ అప్పటికే 20, 35, 30 కలిపి 85 రూపాయల మాఫీ అయిపోయింది. వందలో మిగిలింది 15 మాత్రమే. కాబట్టి 15 వెనక్కి వచ్చి, 10 రూపాయల సర్‌చార్జీ, 4.50 పన్ను మిగిలిపోయాయి.

నెల మొత్తానికి ఇంధనం ఖర్చు 15,800. సర్‌చార్జీ 158, పన్ను 28.44, మాఫీ 100. ఆ ఇంటికి నికరంగా పడింది 86 రూపాయల 44 పైసలు.

ఇలాంటి లెక్క చూడగానే ఎవరికైనా వచ్చే ఆలోచన, ఆ 4,500 బిల్లును రెండు ముక్కలు చేసి గీకితే బాగుండేది కదా అని. ఈ నెలకు మాత్రం దానివల్ల ఒక్క రూపాయి కూడా మిగలదు. ఎందుకంటే వంద రూపాయల పరిమితి ఎలాగూ పూర్తిగా వాడేశారు. ఆ బిల్లును ముక్కలు చేస్తే దానికి మాఫీ వచ్చేది, కానీ ఆ మేరకు తర్వాతి బిల్లులకు రాకుండా పోయేది. నిజంగా డబ్బు మిగిలే దారి వేరే ఉంది. వంద రూపాయల పరిమితి అంటే ఒక శాతం లెక్కన సైకిల్‌కు పది వేల రూపాయల ఇంధనం. మాఫీకి తగిన బిల్లులతో పది వేలు కార్డు మీద కొట్టించి, మిగతా 5,800 బ్యాంకు ఖాతా నుంచి నేరుగా యూపీఐలో కట్టి ఉంటే, 58 రూపాయల సర్‌చార్జీ, దాని పన్ను 10.44 పడేవి కావు. నెలకు మీద పడేది 18 రూపాయలే. అంటే 68 రూపాయల పైచిలుకు మిగులు. బిల్లు ముక్కలు చేయడం పనికొచ్చేది నెలకు ఒకటో రెండో పెద్ద బిల్లులు తప్ప లేని వాళ్లకు, పరిమితి సగం కూడా వాడని వాళ్లకు.

ఇంజిన్ ఆయిలు సంగతి కావాలనే కలిపాను. సర్‌చార్జీ పడేది మీరేం కొన్నారన్నదాన్ని బట్టి కాదు, ఆ స్వైప్ మిషను ఏ వర్గం దుకాణం కింద నమోదై ఉందన్నదాన్ని బట్టి. ప్రతి దుకాణానికి కార్డు నెట్‌వర్కులు నాలుగంకెల వర్గ సంకేతం ఇస్తాయి. పెట్రోల్ బంకులకు 5541, మనిషి లేకుండా పనిచేసే పంపులకు 5542. బంకు మిషను మీద ఆయిలు కొన్నా, అదే మిషను మీద నీళ్ల సీసా కొన్నా వ్యవస్థ దాన్ని ఇంధనంగానే లెక్కేస్తుంది. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది. బంకులో మీ ముందుకు తెచ్చిన మిషను వేరే వర్గం కింద నమోదై ఉంటే సర్‌చార్జీ పడదు, మాఫీ ప్రశ్నే రాదు. అందుకే ఒకే ఊళ్లో రెండు బంకుల్లో ఒకే కార్డు వాడినా పద్దులు రెండు రకాలుగా కనిపించవచ్చు. విద్యుత్ వాహనాల చార్జింగ్ కేంద్రాలకు 5552 అనే వేరే సంకేతం ఉంది.

స్లిప్పు మీద ఉన్న మొత్తానికి, స్టేట్‌మెంట్‌లో మొత్తానికి తేడా రావడం ఇంకో చిక్కు. కొన్ని మిషన్లు సర్‌చార్జీ, పన్ను అక్కడే కలిపి 2,023.60 అని స్లిప్పు ఇస్తాయి. కొన్ని 2,000 అనే ఇస్తాయి. ఫోన్‌కి వచ్చే మెసేజిలోనూ 2,000 అనే ఉంటుంది, రెండు రోజుల తర్వాత లెక్క ఖరారయ్యేటప్పుడు సర్‌చార్జీ వచ్చి చేరుతుంది. బంకువాళ్లు తర్వాత ఏదో కలిపారని అనుమానించాల్సిన పని లేదు. కానీ గరిష్ఠ పరిమితి దగ్గర మాత్రం ఇది గుర్తుంచుకోవాలి. సరిగ్గా 4,000కు కొట్టిస్తే సర్‌చార్జీ, పన్నుతో కలిపి 4,047.20 అవుతుంది. పరిమితిని పన్నులు, రుసుములు కలపకుండా లెక్కేస్తామని షరతుల్లో స్పష్టంగా రాసి ఉంటే పర్వాలేదు. ఆ మాట లేకపోతే 3,900 దగ్గర ఆగడం మంచిది.

సైకిల్ చివరి రోజుల్లో కొట్టించిన పెట్రోలు కూడా గందరగోళం పెడుతుంది. 14వ తేదీ సర్‌చార్జీ ఈ నెల స్టేట్‌మెంట్‌లో పడుతుంది, మాఫీ 18వ తేదీన వచ్చి తర్వాతి స్టేట్‌మెంట్‌లో కూర్చుంటుంది. ఈ నెల కాగితం ఒక్కటే చూస్తే మాఫీ ఎగ్గొట్టినట్టే ఉంటుంది. కాబట్టి ఫిర్యాదు చేసే ముందు తర్వాతి స్టేట్‌మెంట్ కూడా చూడాలి.

మీ స్టేట్‌మెంట్‌లో మిగిలినది సరైనదా కాదా అన్నది షరతుల కాగితం తెరవకుండానే చాలావరకు పట్టుకోవచ్చు. ఆ బిల్లు మీద చివరికి మీద పడ్డ డబ్బును వెయ్యి రూపాయల ఇంధనానికి ఎంత అని చూడండి. వెయ్యికి రూపాయి ఎనభై పైసలు ఉంటే మాఫీ పూర్తిగా వచ్చింది, మిగిలింది పన్ను మాత్రమే. వెయ్యికి పదకొండు రూపాయల ఎనభై పైసలు ఉంటే మాఫీ అసలు రాలేదు. అలాంటప్పుడు బిల్లు పరిమితుల బయట ఉందో, సైకిల్ పరిమితి అప్పటికే అయిపోయిందో, మాఫీ ఇంకా రావాల్సి ఉందో చూడాలి. ఈ రెండింటికీ మధ్యలో ఏదో అంకె వస్తే, పై లెక్కలోని చివరి బిల్లులాగా, పరిమితి సగంలో ముగిసిందని అర్థం. పదకొండు ఎనభైకి మించి వస్తే మీ కార్డులో సర్‌చార్జీ రేటు ఒక శాతం కంటే ఎక్కువ ఉందన్నమాట. కొన్ని రుసుముల పట్టికల్లో శాతంతో పాటు కనీస మొత్తం కూడా రాసి ఉంటుంది, చిన్న బిల్లుల మీద అది గట్టిగా తగులుతుంది.

సహ బ్రాండ్ కార్డుల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హెచ్‌పీ లాంటి కంపెనీలతో కలిసి బ్యాంకులు ఇచ్చే కార్డుల్లో పాయింట్లు ఆ కంపెనీ బంకుల్లోనే ఎక్కువ వస్తాయి. మాఫీ కూడా ఆ బంకులకే పరిమితమా, ఏ బంకులోనైనా వస్తుందా అన్నది కార్డును బట్టి మారుతుంది. కొన్నిట్లో ఫలానా బ్యాంకు స్వైప్ మిషను మీద గీకితేనే మాఫీ అని కూడా ఉంటుంది. హైవే మీద కనిపించిన బంకులో ఆగినప్పుడు ఇది గుర్తు రాదు, స్టేట్‌మెంట్ వచ్చాకే తెలుస్తుంది.

ఇంత లెక్క తేలాక, పెట్రోలుకు క్రెడిట్ కార్డు వాడటం లాభమా అని అడిగితే నా జవాబు కార్డును బట్టి ఉంటుంది. చాలా మామూలు కార్డుల్లో ఇంధనం ఖర్చుకు రివార్డ్ పాయింట్లు రావు. మాఫీ అంటే మీకు లాభం వచ్చినట్టు కాదు, పడ్డ దెబ్బను చాలావరకు వెనక్కి తీసుకున్నట్టు. అలాంటి కార్డుతో పది వేల ఇంధనం కొట్టిస్తే, అన్నీ సవ్యంగా జరిగినా 18 రూపాయలు ఖర్చు. దానికి బదులుగా మీకు దక్కేది వడ్డీ లేని గడువు మాత్రమే. నెల చివర చేతిలో డబ్బు ఆడని ఇంటికి ఆ గడువు విలువైనదే. జీతం వచ్చి ఖాతాలో డబ్బు ఉన్నవాళ్లు యూపీఐలో కట్టేస్తే ఆ 18 కూడా ఉండదు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి ముడిపెట్టి స్కాన్ చేయడం మాత్రం వేరే సంగతి. అక్కడ డబ్బు వెళ్లేది కార్డు నుంచే, మాఫీ వర్తిస్తుందో లేదో ఆ కార్డు షరతుల్లోనే చూడాలి. ఇంధనం మీద నాలుగైదు శాతం విలువైన పాయింట్లు ఇచ్చే సహ బ్రాండ్ కార్డు అయితే 18 పైసల శాతం పన్ను గురించి ఆలోచించనక్కర్లేదు. ట్యాక్సీలు, లారీలు నడిపేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. నెలకు లేదా ఒక్కో లావాదేవీకి ఇంత దాటితే ఇంధనం మీద అదనంగా ఒక శాతం రుసుము వేసే నియమం కొన్ని బ్యాంకులు ఈమధ్య పెట్టాయి. అది సర్‌చార్జీకి వేరు, దానికి మాఫీ లేదు, దాని మీద కూడా జీఎస్టీ పడుతుంది.

మీ కార్డుకు ఏ అంకెలు వర్తిస్తాయో తెలుసుకోవడానికి ప్రకటనల మీద ఆధారపడకండి. ప్రతి కార్డుకు అతి ముఖ్యమైన నియమ నిబంధనల పత్రం ఉండి తీరాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. బ్యాంకు వెబ్‌సైట్‌లో MITC పేరుతో దొరుకుతుంది. అందులో రుసుముల పట్టికలో సర్‌చార్జీ రేటు, మీ కార్డు సొంత పేజీలో మాఫీ పరిమితులు ఉంటాయి. అవి రెండు వేర్వేరు చోట్ల ఉండటం వల్లే చాలామంది ఒకటి చూసి రెండోది వదిలేస్తారు. బ్యాంకులు ఈ అంకెలను మారుస్తూ ఉంటాయి కాబట్టి కార్డు తీసుకున్న ఏడాది చూసిన కాగితం ఇప్పుడు చెల్లకపోవచ్చు.

లెక్క వేసి చూశాక, బిల్లు పరిమితుల్లోనే ఉండి, సైకిల్ పరిమితి మిగిలి ఉండి, తర్వాతి స్టేట్‌మెంట్‌లో కూడా మాఫీ రాకపోతే అది బ్యాంకు పొరపాటే, అడిగి తీసుకోవాల్సిందే. అడిగేటప్పుడు మాఫీ రాలేదని ఊరికే అనకుండా, ఫలానా తేదీ, ఇంత మొత్తం, సర్‌చార్జీ ఇంత, ఆ సైకిల్‌లో అప్పటిదాకా వచ్చిన మాఫీ ఇంత అని మెయిల్‌లో రాయండి. ఫోన్లో చెబితే సమాధానం చెప్పేవాళ్లు జీఎస్టీ గురించి మీరు అడుగుతున్నారనుకుని అలవాటైన జవాబు చెప్పేస్తారు. ఈలోగా ఆ పది ఇరవై రూపాయలు తగ్గించి బిల్లు కట్టకండి. పూర్తి మొత్తం కట్టకపోతే ఆ తర్వాత చేసే కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు పోతుంది, అది ఈ సర్‌చార్జీ కంటే ఎన్నో రెట్లు ఖరీదు. రావాల్సింది వస్తే తర్వాతి బిల్లులో జమ అవుతుంది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు పెట్టుకోవచ్చు. బ్యాంకుకు రాసిన మెయిల్, ఆ రెండు స్టేట్‌మెంట్లు దానికి జత చేయాలి.